మౌస్ నొక్కాల్సిన క్షణం

భారతీయ లైసెన్సుతో బ్రిటన్‌లో కారు నడపనిచ్చేది ఇక్కడ స్థిరపడిన మొదటి పన్నెండు నెలలే. ఆ తర్వాత అది చెల్లదు. కొన్ని దేశాల లైసెన్సులను ఇక్కడి లైసెన్సుతో మార్చుకోనిస్తారు గానీ ఆ జాబితాలో మన దేశం లేదు. అందుకే బెంజి సర్కిల్ రద్దీలో ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లయినా ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని, థియరీ టెస్ట్ పాసై, అప్పుడు గానీ రోడ్డు మీద పరీక్షకు వెళ్లలేరు. ఆ థియరీ టెస్ట్ రాయడానికే ఒక ఉదయం సెంటర్‌కు వెళ్లాను.

సెంటర్ అంటే పెద్ద హంగేమీ లేదు. మామూలు ఆఫీసు భవనంలో ఒక అంతస్తు, రిసెప్షన్ బల్ల, గోడ వెంట లాకర్లు, వాటి పక్కన పరీక్ష గది తలుపు. నా ముందు వరసలో ఉన్న కుర్రాడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే పలకరించాను. గుంటూరు వైపు వాడు, మాస్టర్స్ చదవడానికి వచ్చాడట. తన వంతు రాగానే పాస్‌పోర్టు, మన లైసెన్సు రెండూ బల్ల మీద పెట్టాడు. రిసెప్షన్‌లో ఉన్నావిడ మర్యాదగానే, అయినా గట్టిగానే చెప్పింది: బ్రిటన్ ప్రొవిజనల్ లైసెన్సు ఫొటో కార్డు ఉంటేనే లోపలికి. అది ఇంట్లో ఉండిపోయింది.

"అదేంటన్నా, పాస్‌పోర్టు కంటే పెద్ద రుజువేముంటుంది?" అని నా వైపు తిరిగాడు.

"నువ్వెవరో వాళ్లకు తెలిస్తే సరిపోదు తమ్ముడూ. ఆ కార్డు మీదున్న డ్రైవర్ నంబరుతోనే కదా బుక్ చేశావు, ఫలితం కూడా ఆ నంబరు మీదే పడుతుంది" అన్నాను. అతను కట్టిన 23 పౌండ్లు పోయినట్టే. ముందే గుర్తొచ్చి ఉంటే తేదీ మార్చుకోవచ్చు, కానీ దానికి నడుమ కనీసం మూడు పనిదినాలు నిండుగా ఉండాలి. అతను అక్కడే కుర్చీలో కూలబడి మళ్లీ బుక్ చేసుకుంటుంటే చూడ్డానికి కష్టమనిపించింది. ఇంటి నుంచి బయల్దేరేముందు జేబులో చూసుకోవాల్సింది ఆ కార్డు ఒక్కటే.

నా కార్డు తీసుకుని ఫొటోను, ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి, వాచీ, పర్సు, కోటుతో పాటు లాకర్లో పెట్టమన్నారు. జేబులు బయటికి లాగి చూపించాను, చొక్కా చేతులు పైకి మడిచాను, కళ్లద్దాలు తీసి ఇచ్చాను. ఇంత పట్టింపు ఎందుకో తెలిసినవాళ్లకు చిరాకు రాదు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి రాయడం, చెవిలో కనపడనంత చిన్న బ్లూటూత్ పెట్టుకుని బయటి నుంచి జవాబులు వినడం ఇక్కడ కోర్టుల దాకా వెళ్లిన నేరాలు.

పరీక్ష గదిలో అడ్డుపలకల మధ్య కంప్యూటర్లు, ఒక్కో దానికి హెడ్‌ఫోన్స్, పైన కెమెరాలు. మొదటి భాగంలో 50 ప్రశ్నలు, 57 నిమిషాలు, 43 సరైతే పాస్. తేలనివాటికి గుర్తు పెట్టుకుని చివర్లో మళ్లీ చూసుకోవచ్చు. టైం గురించి బెంగ అక్కర్లేదు. మనవాళ్లను ఇబ్బంది పెట్టేది ఏళ్ల అలవాటు. ఎదుటివాడు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పితే మన రోడ్ల మీద 'నేను వస్తున్నా, నువ్వాగు' అని అర్థం. ఇక్కడ చాలామంది డ్రైవర్లు 'నువ్వు ముందు వెళ్లు' అనడానికి వాడతారు. హైవే కోడ్ మాత్రం ఈ రెంటినీ ఒప్పుకోదు. లైటు వేయడమంటే 'నేనిక్కడున్నాను' అని తెలియజేయడమే, అంతకు మించి ఏమీ లేదు. హారన్ సంగతీ అంతే. ఇళ్లున్న చోట్ల రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం ఏడు దాకా, బండి నడుపుతూ మామూలుగా హారన్ కొట్టకూడదు. లారీల వెనక 'సౌండ్ హారన్' చదువుతూ పెరిగిన మనకు ఇలాంటి ప్రశ్నల్లో తప్పు జవాబే సహజంగా తోస్తుంది. కాబట్టి అనుభవాన్ని పక్కన పెట్టి పుస్తకాన్ని నమ్మాలి.

మొదటి భాగం ముగిశాక మూడు నిమిషాల దాకా విరామం తీసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చేదే అసలు పరీక్షని నా అభిప్రాయం. దాన్ని హజార్డ్ పర్సెప్షన్ అంటారు. డ్రైవర్ సీట్లోంచి కనిపించే రోడ్డును కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తీసిన 14 క్లిప్పులు వేస్తారు. పదమూడింటిలో ఒక్కో హజార్డ్, ఒకదానిలో రెండు, మొత్తం పదిహేను. ఒక్కోదానికి గరిష్ఠంగా అయిదు మార్కుల చొప్పున 75. పాసవడానికి 44 రావాలి. వెనక్కి తిప్పి చూడటానికి వీల్లేదు.

ఇందులో కొలిచేది ప్రమాదం కనిపించిందా లేదా అన్నది కాదు, ఎప్పుడు కనిపించిందన్నది. పరీక్షలో వచ్చిన క్లిప్పుల గురించి రాయను గానీ ఇంట్లో సాధన చేసిన ఒకటి చెబుతాను. ముందు ఎడమ పక్క ఒక సందు, దాని మొగలో ఆగి ఉన్న కారు. అది కదలకుండా ఉన్నంతసేపూ లెక్కలోకి రాదు. మనం దగ్గర పడుతుండగా దాని చక్రాలు కదిలి ముక్కు మన దారిలోకి రావడం మొదలవుతుంది. మార్కులు అక్కడి నుంచి మొదలు. ఆ క్షణాన మౌస్ నొక్కితే అయిదు, కాస్త ఆలస్యమైతే నాలుగు, ఇంకా ఆలస్యమైతే మూడు. కారు మొత్తం అడ్డంగా వచ్చి బ్రేకు వేయక తప్పని స్థితిలో నొక్కితే ఒకటో, సున్నానో.

బాగా బండి నడిపేవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు ఆగి ఉన్న కారును దూరం నుంచే అనుమానించి అప్పుడే నొక్కేస్తారు. మార్కుల కిటికీ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి ఆ నొక్కుకు విలువ లేదు. నొక్కేశాం కదా అని ఊరుకుంటే సున్నా. ఇంకొందరికి సందులోంచి ముక్కు పెట్టే కారు రోజూ చూసేదే. బ్రేకు దాకా వస్తే గానీ అది ప్రమాదంగా అనిపించదు. అందుకే అనుమానం రాగానే ఒకసారి, అది కదలగానే మళ్లీ ఒకసారి నొక్కాలి. ఎక్కువసార్లు నొక్కినంత మాత్రాన మార్కులు కోయరు. అలాగని ఆపకుండానో, తాళం వేసినట్టుగానో నొక్కుతూ పోతే మాత్రం కంప్యూటర్ పట్టేస్తుంది, ఆ క్లిప్పుకు సున్నా వేసి ఆ మాట తెర మీద చెబుతుంది. నొక్కిన ప్రతిసారీ తెర అడుగున ఒక ఎర్ర జెండా పడుతుంది. అయితే ఆ జెండా చెప్పేది నొక్కు నమోదైందనే. అది సరైన సమయంలో పడిందో లేదో చెప్పదు.

చివరి క్లిప్పు అయ్యాక తెర మీద మార్కులు కనిపిస్తాయని చాలామంది ఎదురుచూస్తారు. నాకు కనిపించింది పరీక్ష ముగిసిందన్న ముక్క మాత్రమే. ఫలితం రిసెప్షన్‌లో కాగితం మీద ఇచ్చారు. మొదటి భాగంలో 47, రెండో భాగంలో 51. రెండూ పాసైతేనే పాస్. ఒకదానిలో యాభైకి యాభై వచ్చినా రెండోది పోతే మళ్లీ రెండూ రాయాల్సిందే. ప్రశ్నలు ఏ అంశాల్లో తప్పాయో కాగితంలో ఉంది. నావి రోడ్డు గుర్తుల్లో రెండు, ఆగే దూరంలో ఒకటి. క్లిప్పుల విషయంలో మొత్తం మార్కులే తప్ప ఏ హజార్డ్‌కు ఎన్ని వచ్చాయో చెప్పరు. ఆ కాగితం మీది సర్టిఫికెట్ నంబరు రెండేళ్లు చెల్లుతుంది. ఆ లోగా రోడ్డు పరీక్ష పాసవకపోతే థియరీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. రోడ్డు పరీక్షకు తేదీలు నెలల తరబడి దొరకని ఊళ్లున్నాయి కాబట్టి లాకర్లోంచి ఫోన్ తీసి, బస్టాపులో నిలబడే ఖాళీలు వెతకడం మొదలుపెట్టాను.