సవాల్ లేని నుస్ఖా

పలమనేరు నుంచి మా ఖాలా వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. సలామ్ లేదు, సవాల్ లేదు. తిరుపతిలో డాక్టరు చేత్తో రాసిచ్చిన నుస్ఖా, ఓ మూల ఆమె బొటనవేలు, అంతే. ఒకప్పుడు చిత్తూరులో మందుల షాపు కౌంటర్లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి మా ఖాందాన్‌లో ఎవరికి నుస్ఖా రాసినా దాని ఫొటో నాకొచ్చేస్తుంది. అడగాల్సింది ఏమిటో మనమే అందాజా వేసుకోవాలి.

ఖాలాకు ఏడాదిగా వేళ్ల కణుపుల్లో వాపు, దర్ద్. పొద్దున లేవగానే పిడికిలి బిగించలేదు. గఠియా అని డాక్టరు చెప్పాడట. కాగితంలో మూడు దవాలున్నాయి. మొదటిది కడుపులో మంటకు ఇచ్చే పాంటోప్రజోల్ 40, పక్కన 1-0-0. అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం, రాత్రి లేదు. అది సాఫ్‌గానే ఉంది. మూడోది ఫోలిక్ యాసిడ్ 5. నా కన్ను ఆగింది రెండోదాని దగ్గర. 'ఎం.టి.ఎక్స్' అని మూడక్షరాలు, తర్వాత 7.5, ఆ పక్కన 0-0-1, చివర ఓ గీకుడు. అది 'సన్' కావచ్చు, 'మన్' కావచ్చు.

ఎం.టి.ఎక్స్ అంటే సాధారణంగా మెథోట్రెక్సేట్. పెద్ద ఖురాక్‌లో క్యాన్సర్‌కు వాడే దవానే గఠియాకు చిన్న ఖురాక్‌లో, వారానికి ఒక్క రోజు మాత్రమే ఇస్తారు. 0-0-1 చూసి రోజూ రాత్రి ఒకటి అనుకుంటే రోజుల్లోనే నోరు పుండ్లు పడుతుంది, జ్వరం, వాంతులు మొదలవుతాయి, ఎముకల మజ్జలో రక్తం తయారవడం తగ్గిపోతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఇది మన ఊళ్ల సమస్య ఒక్కటే కాదు. ఈ పొరపాటు ఆగడం లేదని 2019లో యూరప్ మందుల సంస్థ డబ్బాల మీద ప్రత్యేక హెచ్చరిక పెట్టమంది.

కాగితంలో దానికి ఇంకో గవాహీ కూడా ఉంది. ఫోలిక్ యాసిడ్ పక్కన 'తప్ప' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట, మళ్లీ అదే గీకుడు. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు తప్ప మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకోమనడం చాలామంది డాక్టర్ల పద్ధతి. కాబట్టి వారానికోసారే అని నాకు దాదాపు యకీన్. కానీ 'దాదాపు' మీద ఒకరి నోట్లో మాత్ర వేయించలేం. పైగా వాట్సాప్ ఫొటోలో 7.5 లోని చుక్క ఉందో లేదో అన్నట్టుంది.

ఫోన్ చేశాను. "ఖాలా, ఆ ఎం.టి.ఎక్స్ మాత్ర వేసుకున్నావా?"

"నిన్న రాత్రి ఒకటి వేసుకున్నా బేటా. పది ఇచ్చినాడు షాపాయన. పది రోజులకే కదా?"

చూశారా, పట్టీలో పది ఉన్నాయి కాబట్టి పది రోజులు. నుస్ఖాలో నెలకు నాలుగే రాసి ఉన్నా, షాపుల్లో పట్టీ కత్తిరించడం ఇష్టంలేక మొత్తం ఇచ్చేస్తుంటారు. ఖాలా లెక్కలో తప్పేం లేదు.

"ఈ రాత్రి అది వేసుకోవద్దు. నాకు అది వారానికోసారి అన్నట్టు కనిపిస్తోంది, కానీ నేను చూసింది ఫొటో. అసలు కాగితం, మాత్రల పట్టీ రెండూ తీసుకుని ఇప్పుడే షాపుకెళ్లు. కౌంటర్లో అబ్బాయిని కాదు, గోడకు సర్టిఫికెట్ ఉన్న ఫార్మసిస్టును అడుగు. 'రోజూ కదా' అని అడగొద్దు, రద్దీలో ఆయన తలూపేస్తాడు. 'ఇది ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మీరే చెప్పండి' అను. ఆయనకూ షక్ ఉంటే కాగితం పైన డాక్టరు నంబరుంది, ఆయన చేతే చేయించు."

నోరు పూసిందా, జ్వరం ఉందా అని అడిగాను. లేదంది. ఉంటే షాపుకు కాదు, నేరుగా దవాఖానాకే వెళ్లమనేవాణ్ని. గుర్దాల తక్లీఫ్ ఉందా, మూత్రంలో మంటకు సెప్ట్రాన్ లాంటిదేమైనా వాడుతోందా అని కూడా అడిగాను. ఆ రెండూ ఈ దవాతో కలిస్తే ఖత్రా. అవీ లేవట.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన తెచ్చింది. ఆ పెద్ద అక్షరాలు మా ఖాందాన్ ఫొటోల్లోకి ఇంకా రాలేదు.

గంటకు ఖాలా ఫోన్. ఫార్మసిస్టు కాగితం చూసి, తిరుపతికి ఫోన్ చేసి కనుక్కున్నాడట. వారానికోసారే, ఆదివారం రాత్రి. నిన్న ఆదివారమే కాబట్టి రెండోది వచ్చే ఆదివారం. పట్టీ మీద తెలుగులో 'ఆదివారం మాత్రమే' అని పెన్నుతో రాసిచ్చాడు.

"జుమ్మా అయితే బాగా యాదుంటుంది కదా బేటా, మార్చుకుంటే ఏం?" అంది.

మార్చుకోవచ్చేమో, కానీ అది డాక్టరునే అడగాలని చెప్పాను. అడుగుతానంది. ఈలోపు మిగిలిన తొమ్మిది మాత్రల్ని వేరే డబ్బాలో, ఖాలూ రోజువారీ షుగర్ మాత్రలకు దూరంగా పెట్టించాను.