గళ్లలో అల్లిన స్వాగతం

తెనాలిలోని ఆ ఇంటి వీధి గుమ్మానికి అడ్డంగా తెల్లదారంతో అల్లిన ఒక పట్టీ వేలాడుతోంది. దాని మీద ‘స్వాగతం’ అని ఉంది. ఆ అక్షరాలు కుట్టినవీ కావు, అద్దినవీ కావు. చేపల వలలా సన్నటి గళ్లున్న అల్లికలో కొన్ని గళ్లు నిండిపోయి అక్షరాలయ్యాయి. దీన్ని ఫిలే క్రోషే అంటారు. అల్లినావిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. మమ్మల్ని కూర్చోబెట్టి, పట్టీ చూపించే ముందు గళ్ల నోటుపుస్తకం తెచ్చారు. “అల్లిక తర్వాత చూద్దురుగాని, ముందు ఇది చూడండి” అన్నారు.

పుస్తకంలో పెన్సిలుతో నింపిన గళ్లున్నాయి. నలుపు గడి అంటే నిండు, తెలుపు గడి అంటే ఖాళీ. ఈ పనికి రెండే కుట్లు కావాలి: చైను, ట్రెబుల్. ఖాళీ గడికి రెండు చైన్లు వేసి, కిందివి రెండు వదిలి, మూడో దానిలో ఒక ట్రెబుల్ వేస్తారు. నిండు గడికి ఆ రెండు చైన్ల స్థానంలో రెండు ట్రెబుల్స్ పడతాయి. పక్కపక్క గళ్ల మధ్య నిలువు గోడ ఒకటే కాబట్టి ఒక నిండు గడిలో నాలుగు ట్రెబుల్స్, రెండు కలిస్తే ఏడు, మూడు కలిస్తే పది కనిపిస్తాయి. గళ్లను మూడుతో గుణించి ఒకటి కలిపితే వరసలో కుట్ల లెక్క వచ్చేస్తుంది.

తెలుగు అక్షరానికి ఇక్కడే చిక్కు వస్తుంది. మనవన్నీ వంపులు, గడికేమో మూలలే తెలుసు. అందుకే టీచరుగారు కొత్తవాళ్ల చేత ముందు సున్న అల్లిస్తారు. తొమ్మిది గళ్ల వెడల్పు, తొమ్మిది వరసల ఎత్తు. అంతకంటే తగ్గితే గుండ్రం రాదు, పలకలా కనిపిస్తుందని ఆవిడ అనుభవం.

మొదటి వరసలో మూడు ఖాళీలు, మూడు నిండు, మూడు ఖాళీలు. రెండో వరసలో ఒక ఖాళీ, రెండు నిండు, మూడు ఖాళీలు, రెండు నిండు, ఒక ఖాళీ. మూడో వరసలో ఒక ఖాళీ, ఒక నిండు, అయిదు ఖాళీలు, ఒక నిండు, ఒక ఖాళీ. నాలుగు, అయిదు, ఆరు వరసల్లో అంచుల్లో ఒక్కో నిండు, నడుమ ఏడు ఖాళీలు. ఆపైన మూడు, రెండు, ఒకటి వరసల్ని అదే క్రమంలో వెనక్కి అల్లుకుపోతే సున్న మూసుకుంటుంది.

దీనికి 32 చైన్లతో మొదలెట్టాలి. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు, మొదటి గడి ఖాళీ కనుక మరో అయిదు. సూది నుంచి ఎనిమిదో చైనులో తొలి ట్రెబుల్ వేస్తే మొదటి ఖాళీ గడి తయారవుతుంది. మొదటి గడి నిండుదైతే అయిదు బదులు మూడు కలిపి, నాలుగో చైనులో తొలి ట్రెబుల్ వెయ్యాలి. గుమ్మం మీది పట్టీ 63 గళ్ల వెడల్పు, చుట్టూ నిండు అంచు. అంటే 189కి మూడు కలిపి 192 చైన్లు. ఇంత పొడుగున లెక్క తప్పడం మామూలే. అందుకే ఆవిడ ఓ పది చైన్లు ఎక్కువే వేసుకుంటారు. మిగిలినవాటిని మొదటి ముడి వైపు నుంచి తర్వాత విప్పెయ్యవచ్చు, తక్కువైతే మాత్రం మళ్లీ మొదటికి రావాల్సిందే.

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లే రైలు రేపల్లెలో ఆగిపోతుంది. అక్కడొక కుట్టు నేర్పే గదిలో అయిదారుగురు ఆడపిల్లలు ఇదే పనిలో ఉన్నారు. ఒకమ్మాయి అల్లిన ‘గ’ ముక్క చేతికిస్తే గుర్తుపట్టడం కష్టమైంది. అక్షరం అంచులు ఒక వరస ఇటు, ఒక వరస అటు జరిగి రంపం పళ్లలా ఉన్నాయి. నేర్పే పిన్నిగారు చూసీచూడగానే చెప్పేశారు: “అన్ని వరసలూ కుడి నుంచే చదివావు కదమ్మాయ్?”

అల్లిక ప్రతి వరసకీ తిరగబడుతుంది. చార్టును కింది నుంచి పైకి, మొదటి వరస కుడి నుంచి ఎడమకు, రెండోది ఎడమ నుంచి కుడికి చదవాలి. సున్నకు రెండు పక్కలూ ఒకటే కనుక ఈ తప్పు బయటపడదు. ‘గ’, ‘త’ లాంటివి మొదలెట్టగానే పట్టిస్తాయి. ఆ గదిలో ఇప్పుడు ప్రతి చార్టుకూ సరి వరసల సంఖ్యలు ఎడమ వైపు, బేసివి కుడి వైపు రాసుకుంటున్నారు. సంఖ్య ఎటుంటే అటు నుంచి చదవాలి.

మరో ముక్కలో సున్న కోడిగుడ్డులా నిలువుగా సాగింది. తొమ్మిది గళ్ల వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లుంటే ఎత్తు అయిదు దాటింది. తప్పు చార్టులో లేదు, చేతిలో ఉంది. దారం చుట్టి సూదిని కిందికి గుచ్చి పైకి లాగే తొలి ఉచ్చు ఎంత పొడుగ్గా వస్తే ట్రెబుల్ అంత ఎత్తవుతుంది. ఆ ఉచ్చును కాస్త పొట్టిగా లాగితే గడి చదరానికి వస్తుంది. అమెరికా పుస్తకం చూసి అల్లేవాళ్లకు ఇంకో గండం. మనం ట్రెబుల్ అనే కుట్టు వాళ్లకు డబుల్. పేరు చూసి మన డబుల్ వేస్తే బొమ్మ అణిగిపోతుంది.

అంచులు లోపలికి పోవడం మూడో జబ్బు. వరస మొదట్లో తిప్పుకోవడానికి వేసే చైన్లలో మూడు ఒక ట్రెబుల్ కింద లెక్క. తిరిగొచ్చినప్పుడు ఆఖరి ట్రెబుల్ ఆ మూడో చైనులోనే పడాలి. మరిచిపోతే వరసకో గడి తగ్గుతుంది. వరస చివర గళ్లు లెక్కపెట్టుకుంటే వెంటనే దొరుకుతుంది.

బాపట్లలో చూసిన పాత బల్లగుడ్డ మీద రెండు నెమళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఇన్నేళ్లయినా గళ్లు వంకర పోలేదు. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని ఉతికి, పల్చటి గంజిలో ముంచి, దుప్పటి పరిచిన బల్ల మీద నాలుగు మూలలూ సమంగా లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెడతారు. సూదుల మధ్య దూరం స్కేలుతో కొలుస్తారు. “గంజి చిక్కనైతే మడత దగ్గర దారం తెగుతుంది నాయనా” అన్నారు.

క్రోషే కంటే ముందు యూరప్‌లో ముడులు వేసిన వల మీద సూదితో గళ్లు నింపి బొమ్మలు తీసేవారు. ఫెదెరికో విన్చొలో 1587లో పారిస్‌లో అచ్చువేసిన గళ్ల నమూనాలు అలాంటి పనికే. ఆ వలను, ఆ నింపుడును ఒక్క కొక్కెం సూదితోనే అల్లడం తర్వాతి కాలపు ఉపాయం. ఆస్ట్రేలియాకు చెందిన మేరీ కార్డ్ (1861–1940) ఫిలే చార్టులతోనే పేరు తెచ్చుకున్నారు.

మన దగ్గర క్రోషే లేసుకు పెద్ద కేంద్రం నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన పని అది. ముక్కలు విడివిడిగా అల్లి, అతుకుపనితో కలపడం అక్కడి పద్ధతి. దారం ఏజెంట్లు ఇస్తే ఇంట్లో కూర్చుని ముక్క లెక్కన కూలికి అల్లే ఆడవాళ్ల బతుకును మరియా మీస్ 1982లో పుస్తకంగా తెచ్చారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఫిలేకు అతుకుపని లేదు, మొత్తం ఒకే పట్టీగా లేస్తుంది. నడుమ ఒక గడి తప్పితే పైనున్న వరసలన్నీ విప్పాల్సిందే. ముక్కల పనిలోలా దాన్ని తీసి పక్కన పెట్టే వీల్లేదు.

అల్లి చూడాలనుకునేవాళ్లు 20 నంబరు నూలుదారం, దానికి తగిన సన్నటి ఉక్కు సూది, పిల్లల గళ్ల పుస్తకం తీసుకుంటే చాలు. మీ పేరు జోలికి వెళ్లకముందు సున్న ఒక్కటి అల్లి స్కేలు పెట్టి కొలవండి. వెడల్పూ ఎత్తూ ఒకటిగా వచ్చాకే అక్షరాలు గీసుకోండి.