అఘమర్షణం: నదీస్నానం ఏ మలినాన్ని కడుగుతుంది?

నదీస్నానానికి వెళ్లేవాడు ముందుగా ఇంటివద్ద స్నానం చేసి వెళ్లాలని పెద్దలు చెబుతారు. వినడానికి ఇది వింతగా తోస్తుంది. స్నానం చేయడానికి వెళుతూ స్నానం చేయడమెందుకు? ఈ చిన్న నియమంలోనే తీర్థస్నాన రహస్యమంతా ఇమిడి ఉన్నది. దేహానికి అంటిన మట్టిని, చెమటను, జిడ్డును తొలగించే స్నానానికి ధర్మశాస్త్రంలో ‘మలాపకర్షణ స్నానం’ అని వేరే పేరున్నది. దానికి ఇంటి బావి, పెరటి నూయి చాలు. నదిలో చేసేది ‘క్రియాస్నానం’. అక్కడ స్నానమే ఒక కర్మ. శరీరమలాన్ని నదిలో వదలడం దాని ప్రయోజనం కాదు, పైగా అది దోషం. నీటిలో ఉమ్మడం, మలమూత్రాలు విడువడం, రక్తాన్నీ విషపదార్థాలనూ కలపడం కూడదని మనుస్మృతి స్పష్టంగా నిషేధించింది.

అయితే నది కడిగేది దేనిని? ఈ ప్రశ్నకు సమాధానం స్నానవిధి క్రమంలోనే లభిస్తుంది. తెలుగునాట వైదికులలో అధికులు కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖకు చెందినవారు. గోదావరి రేవులలో వారు ఆచరించే క్రమాన్ని ఒక్కొక్క మెట్టుగా గమనిస్తే, శుద్ధి అనే మాటకు శాస్త్రం ఎంతవరకు అర్థం ఇచ్చిందో, ఎక్కడ హద్దు గీసిందో బోధపడుతుంది.

మొదటిది సంకల్పం. ఆచమన ప్రాణాయామాల తరువాత కర్త దేశకాలాలను చెప్పుకుంటాడు. ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ మాసం, ఏ తిథి, నదికి ఏ తీరం, తన గోత్రమేది, పేరేది అన్నీ పలుకుతాడు. ఆపై ఈ స్నానం దేనికోసం చేస్తున్నాడో చెబుతాడు. సంకల్పం లేకుండా మునిగితే నీరు ఒంటికి తగులుతుంది, దేహం చల్లబడుతుంది, అంతే. క్రియ జరగదు. తన పేరు, తన కాలం, తన ఉద్దేశం తెలిసి నీటిలో దిగినవానికే ఆ స్నానం తనదవుతుంది.

తరువాత నాభిలోతు నీటిలో నిలుస్తాడు. ప్రవహించే నదిలో ప్రవాహానికి ఎదురుగా, చెరువు వంటి నిలిచిన నీటిలో సూర్యునికి అభిముఖంగా నిలవాలని విధి. ప్రవాహానికి ఎదురుగా నిలిచినవానికి తాకని నీరు ముందు వస్తుంది. తనను తాకిన నీరు వెనుకకు పోతుంది.

అప్పుడు వరుణుని ప్రార్థిస్తాడు. తైత్తిరీయారణ్యకంలో మహానారాయణోపనిషత్తుగా ప్రసిద్ధమైన భాగంలో ఈ మంత్రాలున్నాయి. వాటి భావం గమనింపదగినది. స్నాతుడు వరుణుని మొదట అడిగేది తీర్థాన్ని ప్రసాదించమని. తీర్థమంటే పవిత్రజలమని నేడు వాడుక. కానీ ఆ పదానికి మూలార్థం దాటే చోటు, దిగే చోటు. తెలుగులో చెప్పాలంటే రేవు. నీరు కళ్లెదుటే ఉన్నా, అందులోకి దిగే రేవును దాని అధిపతి ఇవ్వాలి. తరువాత వాడు తన తప్పులను పేరుపేరునా చెప్పుకుంటాడు. అసాధువుల ఇంట తిన్నది, పాపుల చేతినుండి పుచ్చుకున్నది, మితిమీరి తిన్నది, మితిమీరి తాగినది, మనసుతో, మాటతో, చేతతో చేసిన చెడు. వీటిని వరుణరాజు తన చేతితో తుడిచివేయాలని కోరుతాడు. ఎవరి ఇంట తిన్నాను, ఎవరి దానం పట్టాను అన్న ప్రశ్న ముఖ్యంగా పౌరోహిత్యంతో బ్రతికేవారిని సూటిగా తాకుతుంది. మంత్రం చదివించేవానికీ అందులో మినహాయింపు లేదు.

ఆ పిమ్మట అఘమర్షణం. అఘమంటే పాపం, మర్షణమంటే తుడిచివేయడం. ఋగ్వేద దశమ మండలంలో 190వ సూక్తమిది. మూడే మంత్రాలు, ఋషి పేరు కూడా అఘమర్షణుడే. నీటిలో మునిగి, శ్వాస బిగబట్టి, దీనిని ముమ్మారు జపించాలని విధి. అశ్వమేధం సర్వపాపాలనూ తొలగించినట్లే ఈ సూక్తమూ తొలగిస్తుందని మనువు పోల్చాడు.

ఇంతటి ఖ్యాతి గల సూక్తంలో పాపమన్న మాటే లేదు. క్షమించమన్న వేడుకోలు లేదు. అందులో ఉన్నది సృష్టిక్రమం మాత్రమే. ప్రజ్వలించిన తపస్సునుండి ఋతమూ సత్యమూ పుట్టాయని, వాటి వెంట రాత్రి, సముద్రం, సంవత్సరం కలిగాయని, విధాత సూర్యచంద్రులను, ద్యావాపృథివులను, అంతరిక్షాన్ని మునుపటివలెనే కల్పించాడని చెప్పి సూక్తం ముగుస్తుంది. పాపం పోగొట్టే మంత్రం పాపాన్ని తలవకపోవడం ఎందుకు? మునిగినవాడున్న స్థితిని చూస్తే అర్థమవుతుంది. నీటి అడుగున వెలుగు లేదు, శ్వాస లేదు, మాట లేదు. అది సృష్టికి పూర్వపు సముద్రం వంటిది. అక్కడ నిలిచి అతడు ఋతసత్యాలనుండి లోకం మళ్లీ పుట్టడాన్ని స్మరిస్తాడు. తల పైకెత్తినప్పుడు సూర్యుడు కనిపిస్తాడు, ఊపిరి తిరిగి వస్తుంది. పాపమంటే ఋతాన్ని తప్పడమే. కనుక ఋతం పుట్టిన చోటికి వెళ్లి అక్కడినుండి తిరిగి బయలుదేరడమే ఆ పాపానికి మందు. స్నానం గతాన్ని చెరిపివేయదు. స్నాతుణ్ణి మొదటి మెట్టు మీద నిలబెడుతుంది. శాస్త్రపరిభాషలో దీనికి ‘అధికారం’ అని పేరు. స్నానం చేయనివానికి జపంలో, హోమంలో, పితృకర్మలో అధికారం లేదు. చేసినవానికి అది కలుగుతుంది.

హద్దు ఎక్కడున్నదో ఒక ఉదాహరణతో స్పష్టమౌతుంది. ఒక గృహస్థు తన పాలివాని పొలంగట్టు జరిపి రెండు సెంట్ల నేల కలుపుకున్నాడు. ఏళ్లు గడిచాయి, మనసు కుదురుగా లేదు. రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవుకు వచ్చి యథావిధిగా స్నానం చేశాడు. తడిబట్టలతోనే పురోహితుణ్ణి అడిగాడు.

“శాస్త్రిగారూ, ఇంతటితో ఆ దోషం పోయినట్లేనా?”

“గట్టు ఎక్కడున్నది బాబూ?”

“జరిపిన చోటనే ఉన్నదండీ.”

“అయితే దోషమూ అక్కడే ఉన్నది. గోదావరి మీ ఒంటిని తాకింది కానీ ఆ గట్టును తాకలేదు కదా.”

పురోహితుని మాట చమత్కారం కాదు, శాస్త్రనిర్ణయమే. స్వల్పవిలువ గల వస్తువుల దొంగతనానికి కూడా, మొదట ఆ వస్తువును తిరిగి ఇచ్చి, ఆపై సాంతపన కృచ్ఛ్రమనే వ్రతం ఆచరించాలని మనుస్మృతి విధించింది. తిరిగి ఇవ్వడం ముందు, శుద్ధి తరువాత. పరుని సొత్తు తన వద్ద ఉన్నంతకాలం పాపం గతించినది కాదు, ప్రతిదినం కొత్తగా జరుగుతున్నది. జరుగుతున్న పనికి ప్రాయశ్చిత్తం ఉండదు. అయితే ఆ గృహస్థుని స్నానం వ్యర్థమా? కాదు. మునుపు దాచుకున్నదానిని అతడు నోటితో చెప్పగలిగాడు. తన తప్పును వెల్లడించడం, పశ్చాత్తాపం కూడా పాపక్షయానికి సాధనాలేనని అదే స్మృతి చెబుతున్నది. స్నానం అతనికి ఆ బలమిచ్చింది. గట్టు జరపవలసిన చేయి మాత్రం అతనిదే. నీటిలో పుట్టి నీటిలోనే చచ్చే చేపలు స్వర్గానికి పోవడం లేదని కాశీఖండం చెప్పినది ఈ అర్థంలోనే. చేపకు నీరున్నది, సంకల్పం లేదు.

ఈ వివేకం లేకపోతే జరిగే హాని మాటలతో ఆగదు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. 2015 జూలై 14న, పుష్కరాల తొలి ఉదయాన, రాజమహేంద్రవరంలోని ఒక ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అంతమంది భక్తులు ఒకే ఉదయం ఒకే రేవులో దిగాలని తపించడం వెనుక ఆ క్షణానికీ ఆ మెట్లకూ మాత్రమే పుణ్యం పరిమితమన్న భావన ఉన్నది. పుష్కరుడు 12 రోజులు నదిలో ఉంటాడని సంప్రదాయం. ఆయన ఉండేది ఒక ఘాట్‌లో కాదు, త్ర్యంబకం మొదలు సముద్రం వరకు దాదాపు 1,465 కిలోమీటర్ల నదిలో. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, పట్టిసీమ, కొవ్వూరు, అంతర్వేది అన్నింటా ఆ నీరే. రానున్న పుష్కరాలు 2027లో. ఆ సంవత్సరం బయలుదేరేవారు జనం పలుచగా ఉన్న రోజును, తమ ఊరికి దగ్గరగా ఉన్న రేవును ఎంచుకుంటే ఫలంలో లోపం రాదు.

దిగలేనివారి మాట కూడా శాస్త్రం మరువలేదు. మోకాళ్లు సహకరించని వృద్ధురాలిని కొడుకులు చేతులమీద మెట్లు దింపుతుంటారు, ఆమె భయంతో కళ్లు మూసుకుంటుంది. ఆమెకు ఆ కష్టం అవసరం లేదు. మునిగి చేసే వారుణస్నానం ఏడింటిలో ఒకటి మాత్రమే. ‘ఆపోహిష్ఠా’ మంత్రాలు మూడు, వాటి పాదాలు తొమ్మిది. ఒక్కొక్క పాదానికి ఒక్కొక్కసారి నీటిని చిలకరిస్తే అది మంత్రస్నానం. భస్మధారణ ఆగ్నేయం, మృత్తిక పూయడం భౌమం, గోధూళి తగలడం వాయవ్యం, ఎండలో కురిసే వానలో తడవడం దివ్యం, విష్ణుస్మరణ మానసం. గట్టుమీద కూర్చుండబెట్టి, చెంబుతో తెచ్చిన నదీజలాన్ని ఆమెపై ప్రోక్షిస్తే స్నానం పూర్తి అయినట్లే. రోగికి తడిగుడ్డతో ఒళ్లు తుడవడాన్ని కూడా శాస్త్రం స్నానంగా అంగీకరించింది.

ఇక స్నానం ముగింపు. తీరానికి చేరినవాడు రెండు పనులు చేయాలి. ఈ కాలంలో త్వరత్వరగా విడిచిపెట్టేవీ ఈ రెండే. మొదటిది వస్త్రనిష్పీడనం. తడిబట్టను నదిలో పిండకూడదు, గట్టుమీద పిండాలి. ఆ నీటిని తన వంశంలో సంతానం లేక, తర్పణమిచ్చేవారు లేక గతించినవారికి విడుస్తాడు. తన శుద్ధిలో చివరి బిందువులు దిక్కులేనివారికి చెందుతాయి.

రెండవది యక్ష్మతర్పణం. తన దేహమలం వలన ఈ నీరు దూషితమైనది గనుక ఆ పాపం శుద్ధి కావడానికి యక్ష్ముని తృప్తిపరుస్తున్నానని చెప్పి, దోసెడు నీళ్లు తీరాన విడుస్తాడు. పాపం పోగొట్టుకోవడానికి దిగినవాడు, దిగినందువలన కలిగిన పాపాన్ని ఒప్పుకుని గట్టెక్కుతాడు. ఇంటివద్ద మలస్నానం చేసి వచ్చినా ఈ తర్పణం తప్పదు. నదికి మనిషి చేసే అపచారం సున్నా కాదని ఈ విధి ఎరుగును. సబ్బునురుగు, ప్లాస్టిక్ కవర్లు, విడిచిన పాతబట్టలు నదిలో వదిలి వెళ్లేవానికి ఎన్ని దోసిళ్లు సరిపోతాయో అతడే లెక్కించుకోవాలి. తర్పణజలం విడిచిన తరువాతే అతడు పొడిబట్ట కట్టి, బొట్టు పెట్టుకుని, సంధ్యకు కూర్చుంటాడు.