లెక్క కుదరని పేపరుకు సున్నా, కుదిరిన పేపరుకు పదికి పది

ఈసారి పోస్టు జర పొడుగ్గా ఉంటది. మేము చేసిన ఒక తప్పు గురించి ఇది. కామర్స్ చదివే మనోళ్లకు పనికొస్తదని రాస్తున్నాం.

పాత బస్తీలో మేము కొందరం ఒకే గదిలో ఉంటాం. ఆదివారం పొద్దున ఇంటర్ ఫస్టియర్ సీఈసీ పిల్లలు నలుగురైదుగురు వస్తారు. వాళ్లకు లెక్కలు చెప్పి, చిన్న పరీక్ష పెట్టి, పేపర్లు మేమే దిద్దుతాం. ఆ వారం పాఠం బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక. పుస్తకంలో ఉన్న కంపెనీ పేర్లు పిల్లలకు ఎక్కడం లేదని, రోజూ వాళ్లు నడిచే లాడ్ బజార్‌లో ఒక లక్క గాజుల దుకాణం ఉన్నట్టు అనుకుని మేమే లెక్క తయారుచేశాం.

లెక్క ఇది. మార్చి 31న దుకాణం నగదు పుస్తకంలో బ్యాంకు నిల్వ 42,000 రూపాయలు. లక్క సరఫరాదారుకు, మరొకరికి ఇచ్చిన చెక్కులు కలిపి 15,000, వాళ్లు ఇంకా బ్యాంకులో వేయలేదు. ఒక కొనుగోలుదారు ఇచ్చిన 5,000 చెక్కును దుకాణం బ్యాంకులో వేసింది, ఇంకా జమ కాలేదు. బ్యాంకు చార్జీలు 200, నగదు పుస్తకంలో రాయలేదు. పాస్ పుస్తకం నిల్వ 51,800 అని సరిచూసుకోవడానికి కింద ఇచ్చాం. 42,000కు 15,000 కలిపి, 5,000, 200 తీసేస్తే 51,800 వస్తది.

ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన తమ్ముడు 15,000 తీసేశాడు, 5,000 కలిపాడు, 200 తీసేశాడు. 31,800 వచ్చింది. "కుదరలేదు" అని రాసి పేపరు ఇచ్చేశాడు. మేము సున్నా వేశాం. భద్రాచలం వైపు చెల్లె కూడా అచ్చం అట్లనే చేసింది. కానీ చివర "బ్యాంకు పొరపాటున ఎక్కువ జమ చేసింది 20,000" అని ఒక వరుస కలిపి 51,800 తెచ్చింది. మేము కింది అంకె చూసి పదికి పది వేశాం.

పేపర్లు తిరిగిచ్చినంక తమ్ముడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "అన్నా, నాది, అక్కది ఒకటే కదా, నాకెందుకు సున్నా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. చెల్లె తల దించుకుంది, ఆ వరుస తనే కల్పించిందని ఆమెకు తెలుసు. ప్రశ్నలో బ్యాంకు పొరపాటు మాటే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినోడికి సున్నా, లేనిది రాసినామెకు పది. ఆ రోజు మాకు సిగ్గేసింది.

మళ్లీ కూర్చుని రెండు పేపర్లూ వరుస వరుసగా చదివాం. ముందు తేడా చూశాం: 51,800లో 31,800 పోతే 20,000. దాంట్లో సగం 10,000. చెక్కుల 15,000లో జమ కాని 5,000 తీసేసినా అదే 10,000. కలపాల్సినదాన్ని తీసేస్తే తేడా ఒకసారి కాదు, రెండింతలు వస్తది. కాబట్టి తేడాలో సగం పేపరులోని అంకెలతో కలిస్తే, దిశ తిరగబడిందని పట్టుకోవచ్చు. మా లెక్కలో చెక్కులు ఒక్కటే తిరగబడితే 30,000 తక్కువ వచ్చేది, జమ కాని చెక్కు ఒక్కటే తిరగబడితే 10,000 ఎక్కువ వచ్చేది. ఇద్దరికీ 20,000 తక్కువ వచ్చిందంటే రెండూ తిరగబడ్డాయి.

ఇందులో ఒక మోసం ఉంది. ఇచ్చిన చెక్కులూ, జమ కానివీ సమానంగా ఉంటే, రెండూ తిప్పేసినా జవాబు సరిగ్గానే వస్తది. అందుకే ప్రశ్న తయారుచేసేటప్పుడు ఆ రెండు మొత్తాలు ఒకటే కాకుండా చూసుకోవాలి. కింది అంకె ఒక్కటే చూసి దిద్దకూడదు.

ఇంకోటి గమనించాం. బ్యాంకు చార్జీలు ఇద్దరూ సరిగ్గానే తీసేశారు. అంటే వాళ్లకు కూడికలు, తీసివేతలు రాక కాదు. తమ్ముణ్ణి అడిగితే "చెక్కు ఇచ్చామంటే డబ్బు పోయినట్టే కదన్నా, మళ్లీ కలపడం ఏంది?" అన్నాడు. అక్కడ దొరికింది అసలు ముడి. డబ్బు పోయిందని నగదు పుస్తకం చెక్కు రాసిన రోజే తీసేసింది. ఆ 42,000 తీసేసినంక మిగిలిన అంకె. బ్యాంకుకు మాత్రం ఇంకా తెలియదు. బ్యాంకు అంకె కావాలంటే మనం తీసేసింది తిరిగి కలపాలి. జమ కాని చెక్కు దానికి ఎదురు: మనం ముందే కలుపుకున్నాం, బ్యాంకు కలపలేదు, కాబట్టి తీసేయాలి.

ఊట్నూరులో బస్సెక్కిన తమ్ముడి ముచ్చట చెప్పినంక వాళ్లకు అర్థమైంది. ఊళ్లో ఇంటి లెక్కలో అతను లేడు, హాస్టల్ హాజరు పట్టీలో ఇంకా రాలేదు. దారిలో ఉన్న మనిషిని ఏ పుస్తకంలో ఎప్పుడు రాశారో అడగాలి.

"కలుపు, తీసెయ్" అని బట్టీ పడితే ఎందుకు తప్పుతదంటే, పాస్ పుస్తకం నిల్వతో మొదలుపెడితే దిశ మారుతది. 51,800లో 15,000 తీసేసి, 5,000 కలిపితే 41,800. నగదు పుస్తకంలో చార్జీలు రాసుకున్నంక నిల్వ కూడా 41,800. ఇక్కడ తిప్పి చేస్తే 61,800 వస్తది. నిజం దుకాణంలో ఇదే జరిగితే, యజమాని 61,800 ఉందనుకుని 55,000కు చెక్కు ఇస్తాడు, అది బౌన్స్ అవుతది. ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే నిల్వకు ముందు మైనస్ పెట్టి మొదలుపెట్టండి, అప్పుడు ఈ నియమం మారదు.

పట్టికలో ఉన్న తేదీలు కూడా చూడమని చెప్పాం. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు మూడు నెలలే చెల్లుతది. అంతకంటే పాత చెక్కు "ఇంకా దాఖలు కాలేదు" అని పట్టికలో ఉంటే, దాన్ని నగదు పుస్తకంలోనే తిరిగి రాసుకోవాలి. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కుల క్లియరింగ్ నిరంతరం జరిగే పద్ధతికి మారింది. కాబట్టి వేసిన చెక్కు పది రోజులైనా జమ కాలేదంటే ఆలస్యం అనుకోకుండా, తిరిగి వచ్చిందేమో అడగాలి.

తర్వాత మార్కులు మళ్లీ పంచాం. ఇది బోర్డు పద్ధతి కాదు, మాది. మొదటి నిల్వకు 1, రెండు సర్దుబాట్లకు మూడేసి, అందులో అంకె ఎంచుకున్నందుకు 1, దిశకు 2. చార్జీలకు 2. వచ్చిన జవాబును దాచకుండా రాసినందుకు 1. తమ్ముడికి 6 వచ్చాయి. చెల్లెకు 5. కల్పించిన వరుసకు వేరేగా ఏమీ కోయలేదు, చివరి మార్కు మాత్రం రాలేదు.

చెల్లె ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం కొత్త లెక్క ఇచ్చాం. ఆమెకు మళ్లీ కుదరలేదు. ఈసారి కింద "తేడా 3,000, సగం 1,500, ఎక్కడో తిప్పాను" అని రాసి, పైకి వెళ్లి వెతుక్కుంటోంది.