మా ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్ట్

అబ్‌స్ట్రాక్ట్ రాసేశాను. మొదటి వాక్యంలో రవాణా రంగ ప్రాముఖ్యం లేదని గైడ్ సారు కాస్త నొచ్చుకున్నారు. నేరుగా విషయంలోకే వెళ్లాను: ఆటోనగర్‌కు వచ్చే లారీల కమాన్ పట్టీలు సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర ఎందుకు విరుగుతాయి?

యూ బోల్టులు బిగువుగా ఉన్నంతకాలం రంధ్రం ఉన్నచోట పట్టీ దాదాపు వంగదు. అవి వదులైతే వంపంతా అక్కడికే వస్తుంది. 70 మి.మీ. వెడల్పు పట్టీకి 12 మి.మీ. రంధ్రం పడితే మిగిలేది 58. అంటే ఒత్తిడి సగటున దాదాపు 21 శాతం పెరుగుతుంది. రంధ్రం అంచున ఇంకా ఎక్కువ, పగులు మొదలయ్యేది అక్కడే.

ఇది లెక్క మాత్రమే, ఫెటీగ్ పరీక్ష చేయలేదని కూడా అబ్‌స్ట్రాక్టులోనే రాశాను. ఆ మాట రిపోర్టు చివర దాచకూడదు కదా!

లారీ ఉన్నవాళ్లు కమాన్ కొత్తగా వేయించాక, లోడుతో కొంత తిరిగొచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించుకోండి.