పిన్ని పార్లర్, పదహారు శృంగారాలు

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో మాట్లాడతాను కానీ రాసేది తక్కువ. వాట్సాప్‌లో కూడా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాను. అలాంటి నేను పోయిన వేసవిలో మా పిన్నికి తెలుగులో ఒక రేట్ల లిస్టు తయారుచేసి ఇచ్చాను. దాని వల్ల జరిగిందే ఈ వ్యాసం.

పిన్నికి గురజాలలో చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆమె నెల ఆదాయం అంతా పెళ్లికూతుళ్ల ముస్తాబు మీదే. సామాను అమ్మేవాళ్లు ఆమెకి హిందీలో ఒక కేటలాగ్ పంపించారు. "ఏరా, కంప్యూటర్ చదువుతున్నావుగా, దీన్ని తెలుగులో పెట్టివ్వు" అంది. నరసరావుపేట నుంచి సెలవులకి వచ్చి ఖాళీగా ఉన్నాను, సరే అన్నాను.

పదాలు చాలావరకు సంస్కృతం నుంచి వచ్చినవే. అలంకార్, వివాహ్, కేశ్, నఖ్. ఇవన్నీ మనకీ ఉన్నవే కదా, మళ్లీ టైపు చేయడం ఎందుకు అనుకున్నాను. యూనికోడ్‌లో దేవనాగరి, తెలుగు అక్షరాలు ఒకే వరసలో ఉంటాయి. హిందీ అక్షరం నంబరుకి 768 కలిపితే అదే తెలుగు అక్షరం వస్తుంది. పదహారు అంకెల లెక్కలో అది 0x300.

```
h = "शृंगार"
print("".join(chr(ord(c) + 0x300) for c in h))
# శృంగార
```

ఒక్క అక్షరం తప్పు పోలేదు. చివర్లో "ం" తగిలించి తెలుగు చేశాను. కేటలాగ్‌లో పెద్ద ప్యాకేజీ పేరు "సోలహ్ శృంగార్". దాన్ని "పెళ్లికూతురికి పదహారు శృంగారాలు" అని రాసి, కింద రేటు, పిన్ని ఫోన్ నంబరు పెట్టాను. సాయంత్రం ఆరింటికి ఆమె అది స్టేటస్‌లో పెట్టింది.

రాత్రి తొమ్మిదిన్నరకి మొదటి ఫోన్ వచ్చింది. ఎవరో మగాయన. ఏం అడిగాడో పిన్ని నాకు చెప్పలేదు. ఫోన్ కట్ చేసి, ఇంకో రెండు వచ్చాక స్విచ్చాఫ్ చేసి కూర్చుంది. పొద్దున్నే ఒక పెళ్లికూతురి వాళ్లమ్మ వచ్చి, "అమ్మా, మీ షాపు మంచిదే, కానీ మా వియ్యంకులు ఆ కాగితం చూశారు" అని బుకింగ్ మానుకుంది. బాబాయి నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ వేసింది.

హిందీలో శృంగార్ అంటే ముస్తాబు, అంతే. సోలహ్ శృంగార్ అంటే బొట్టు, కాటుక, గాజులు, మెట్టెలు లాంటి పదహారు అలంకారాలు. రాజస్థాన్‌లోని నాథద్వారా శ్రీనాథ్‌జీ గుడిలో పొద్దున మంగళ దర్శనం తర్వాత వచ్చే దర్శనం పేరు శృంగార్. అప్పుడు స్వామిని అలంకరించి చూపిస్తారు. అక్కడ ఎవరూ మొహం తిప్పుకోరు.

మరి ఒకే పదం రెండు దారుల్లోకి ఎలా పోయింది? కాలేజీకి తిరిగొచ్చాక మా తెలుగు మాస్టారిని అడిగాను. భరతుడి నాట్యశాస్త్రంలో శృంగారం ఒక రసం, దానికి మూలం రతి అనే భావం. అయితే శృంగార రసాన్ని చెప్పేటప్పుడే మంచి ఉజ్జ్వలమైన వేషాన్ని కూడా భరతుడు దానికి ముడిపెట్టాడు. అంటే ప్రేమ, ముస్తాబు రెండూ మొదట్లో ఒకే మూటలో ఉన్నాయి. హిందీ వాడుకలో ముస్తాబు ముందుకొచ్చింది, తెలుగు వాడుకలో రతి మిగిలింది.

ఇంకో మాట కూడా చెప్పారు. తెలుగులో కూడా శృంగారం మొదటి నుంచీ తలదించుకునే పదం కాదు. మన పల్నాటి వీరచరిత్ర రాశాడని చెప్పుకునే శ్రీనాథుడే, నలదమయంతుల కథకి శృంగార నైషధం అని పేరు పెట్టాడు. అన్నమయ్య కీర్తనలని ఇప్పటికీ ఆధ్యాత్మిక, శృంగార అని రెండుగానే విడదీస్తారు. ఆ పేరుతో పుస్తకం పూజగదిలో ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. అదే పదం రేట్ల లిస్టులో, ఫోన్ నంబరు పక్కన పడితే అర్థం మారిపోతుంది. నేను చూసుకోనిది అదే.

నాకు బాగా తగిలింది ఏంటంటే, సరైన పదం మన ఇంట్లోనే ఉంది. శృంగారం జనం నోళ్లలో నలిగి సింగారం అయింది. "సింగారించుకుని ఎటు బయల్దేరావే" అని మా నానమ్మ రోజూ అనేది. హిందీ వాళ్ల శృంగార్‌కి తెలుగు మాట శృంగారం కాదు, సింగారం. తమిళంలో కూడా అంతే, సింగార చెన్నై అంటే అందమైన చెన్నై. ఒక పదం సంస్కృత రూపంలో ఒక అర్థం, నలిగిన రూపంలో ఇంకో అర్థం పెట్టుకుని ఒకే భాషలో పక్కపక్కనే బతుకుతుంది. నా కోడ్ సంస్కృత రూపాన్ని మాత్రమే తీసుకొచ్చింది.

ఈ దెబ్బతో ఇంకోచోట బతికిపోయాను. ఆన్‌లైన్ హ్యాకథాన్‌లో మా టీమ్‌లో భోపాల్ అమ్మాయి ఉంది. ఆమె చేస్తున్న పని మీద నాకు ఆసక్తి ఉందని హిందీలో మెసేజ్ పెట్టబోయి ఆగాను. చూస్తే హిందీలో ఆసక్తి అంటే విడవలేని వ్యామోహం. మనం అనుకునే ఆసక్తికి వాళ్ల మాట రుచి. మనకేమో రుచి నాలుక మీద ఉంటుంది! అలాగే మలయాళంలో స్నేహం అంటే అమ్మ ప్రేమ దగ్గర్నుంచి ప్రియుడి ప్రేమ దాకా అన్నీ వస్తాయి. "ఐ లవ్ యూ" చెప్పడానికి ఆ పదం నుంచి వచ్చిన క్రియనే వాడతారు. స్నేహం చేద్దామని మనం మామూలుగా అనే మాట అక్కడ మామూలుగా వినపడకపోవచ్చు.

ఇప్పుడు నేను రెండు పనులు చేస్తున్నాను. ఒకటి, ఆ భాష మనిషిని "దీని అర్థమేంటి" అని అడగను. అడిగితే డిక్షనరీ అర్థమే చెప్తారు, అందులో ప్రేమ, అనురాగం, ఇష్టం అన్నీ కలిసిపోయి ఉంటాయి. "ఈ మాట మీ అమ్మతో అంటావా, ఫ్రెండ్‌తో అంటావా, షాపు బోర్డు మీద రాస్తావా" అని అడుగుతాను. రెండు, ఆ పదాన్ని నెట్‌లో బొమ్మల్లో వెతుకుతాను. హిందీలో శృంగార్ అని కొడితే గాజులు, బొట్లు కనిపిస్తాయి. తెలుగులో కొడితే ఏం వస్తాయో మీకు తెలుసు. ముందే ఒక్కసారి చూసి ఉంటే నిమిషంలో తెలిసేది.

దసరా సెలవుల్లో కొత్త లిస్టు రాసిచ్చాను. "పెళ్లికూతురి సింగారం, పదహారు అలంకరణలతో". పిన్ని దాన్ని రెండుసార్లు చదివి, నానమ్మకి ఒకసారి వినిపించి, అప్పుడు స్టేటస్‌లో పెట్టింది. ఫోన్ నంబరు మాత్రం ఇంకా మా బాబాయిదే ఉంది.