రెండు గుమ్మాలు, ఒక మాట

అమెరికాలో శాశ్వత నివాసానికి అనుమతి దొరికితే మనవాళ్ళు సాధారణంగా అనే మాట "గ్రీన్‌కార్డు వచ్చింది" అని. "సాధించాను" అనేవాళ్ళు అరుదు. వాన వచ్చింది, ఉత్తరం వచ్చింది, కార్డు వచ్చింది. ఆ క్రియలో కర్త మనం కాదు. దశాబ్దానికి పైగా ఎదురుచూసినవాడు కూడా తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఇలా పక్కకు తప్పుకుంటాడెందుకని నాకు చాలాకాలం ఆశ్చర్యంగా ఉండేది. మా మేనల్లుడి కోసం రెండు వాక్యాలు రాయవలసి వచ్చినప్పుడు గాని ఆ మాటలోని నిజాయితీ బోధపడలేదు.

వాడికి 2025లో కార్డు వచ్చింది. ఒక ఫొటో పెట్టి, దాని కింద తెలుగులో రెండు వాక్యాలు రాసి, బంధుమిత్రులందరికీ పంపుకోవాలనుకున్నాడు. షరతులు మూడు. గర్వం ఉండాలి గాని గొప్పలు చెప్పుకున్నట్టు ఉండకూడదు. ఈ దేశం తనదయిందని తెలియాలి. పాలకొల్లులో వాళ్ళమ్మ, అంటే మా అక్కయ్య, అది చదివి నొచ్చుకోకూడదు. "రెండు వాక్యాలే కదా మామయ్యా" అన్నాడు. రెండు వాక్యాలు కాబట్టే కష్టం. రెండు పేజీలైతే ఎక్కడో ఒకచోట అన్నీ సర్దుకుంటాయి.

వాడు సొంతంగా రాసుకున్న మొదటి వాక్యం, "ఎట్టకేలకు నాకంటూ ఒక ఇల్లు" అని. నిజమే, కానీ దాన్ని అక్కయ్య కళ్ళతో చదివి చూడండి. ఆవిడ ఉంటున్న ఇల్లు ఇన్నాళ్ళూ వాడికి ఏమయినట్టు? రెండోది, "జన్మభూమి నుండి కర్మభూమికి". ఈ జంటపదం సన్మాన పత్రాల్లో నలిగి నలిగి అరిగిపోయింది. పైగా అందులో ప్రయాణం ఒకవైపే ఉంది. మూడోది, "ఎక్కడున్నా భారతీయుణ్ణే". చట్టప్రకారం ఇది అక్షరసత్యం. శాశ్వత నివాసం పౌరసత్వం కాదు, వాడి జేబులో ఉన్నది ఇప్పటికీ భారతదేశపు పాస్‌పోర్టే. కానీ ఆ వాక్యం మొహమాటపడి అసలు సంగతిని దాచేస్తోంది. కార్డు వచ్చిన రోజున రాయవలసిన మాట కాదది.

ముందు గర్వం సంగతి చూద్దాం. ఉద్యోగం ద్వారా శాశ్వత నివాసానికి 1990 నాటి చట్టం ఏడాదికి సుమారు 1,40,000 వీసాలు కేటాయించింది. కుటుంబాలతో కలిపే ఈ లెక్క. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా అందులో 7 శాతం మించి దక్కకూడదని నియమం. మిగతా దేశాలవాళ్ళు వాడుకోని వీసాలుంటే కొన్నిసార్లు అవీ అందుతాయి గాని వాటిని నమ్ముకోలేం. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టినచోటు. పక్క బల్ల దగ్గర అదే పని చేసే ఓ చిన్న దేశపు అమ్మాయికి రెండు మూడేళ్ళలో అయిపోయేది, మనవాడికి పదమూడేళ్ళు పట్టింది. వాడు 2012 నవంబరులో వరుసలో చేరాడు. ప్రతి నెలా ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తుంది. ఆ తేదీకన్నా ముందు చేరినవాళ్ళకే ఆ నెలలో కార్డు ఇవ్వవచ్చు. వాడి తరగతిలో ఆ తేదీ 2022 వేసవిలో 2014 డిసెంబరు దాకా పరుగెత్తింది. వాడు ఆఖరి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ఏటి వీసాలు చాలామందికి అందకముందే అయిపోయాయి. అక్టోబరుకల్లా తేదీ 2012 ఏప్రిల్‌కి వెనక్కి నడిచింది. తలుపు తెరిచి, వీడు గడపమీద కాలు పెట్టబోతుంటే మూసినట్టయింది.

ఇంత జరిగాక "సాధించాను" అనడానికి వాడికే నోరు రాలేదు. వాడు చేసింది ఉద్యోగం, ఓర్చుకున్నది నిరీక్షణ. కార్డును తెచ్చింది క్యాలెండరు. అందుకే "వచ్చింది" అన్న మాటే న్యాయం. ఇక్కడి గర్వం గెలుపు తాలూకుది కాదు, నిలబడినందుకు కలిగేది. ఆ రెండింటికీ ఒకే వాక్యం సరిపోదు.

సరే, కార్డే చూపించమన్నాను. చిన్న ప్లాస్టిక్ ముక్క. దానిమీద రెండు గడులు నన్ను పట్టుకున్నాయి. ఒకటి `Country of Birth`. దాని కింద India. పరాయిదేశం "ఇక్కడే ఉండు" అని ఇచ్చిన కాగితంమీదే మనం ఎక్కడ పుట్టామో చెరగకుండా అచ్చువేసి ఇస్తుందన్న సంగతి, ఎన్నో ఏళ్ళుగా అలాంటి కార్డునే జేబులో పెట్టుకు తిరుగుతున్నా, నేనెప్పుడూ ఆలోచించలేదు. రెండోది `Resident Since`. అక్కడున్నది 2025లోని ఒక తేదీ. వాడు ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చింది 2007లో. ఇక్కడే డిగ్రీ తెచ్చుకున్నాడు, పన్నులు కట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఇల్లు కొన్నాడు. కార్డు లెక్కలో మాత్రం నివాసం 2025లోనే మొదలు. ఉంటున్న రోజుకీ, ఉండమన్న రోజుకీ నడుమ పద్దెనిమిదేళ్ళు. నాకు మొదటి వాక్యం అక్కడ దొరికింది.

రెండో వాక్యానికి 2021 దగ్గరికి వెళ్ళాలి.

ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఇక్కడ ఉండే అనుమతి వేరు, బయటికి వెళ్ళి తిరిగి లోపలికి రావడానికి పాస్‌పోర్టులో అంటించే వీసా ముద్ర వేరు. మొదటిది ఇక్కడే పొడిగిస్తారు. రెండోది దాదాపుగా ఎప్పుడూ బయటి దేశంలోని కాన్సులేటుకి వెళ్ళి వేయించుకోవలసిందే. అందుకని ఇక్కడ నిక్షేపంగా ఉద్యోగం చేసుకుంటున్నవాడికి కూడా ఊరికి వెళ్ళడమంటే లోపల ఒక గుబులు. అపాయింట్‌మెంటు దొరుకుతుందా? ఇంకా విచారించాలంటూ చేతిలో చీటీ పెట్టి వారాల తరబడి కూర్చోబెడతారా? మా మేనల్లుడి ముద్ర గడువు 2019లో తీరిపోయింది. తరువాతి ఏడాది ఊరికి వెళ్ళి వేయించుకుందామనుకుంటే కరోనా వచ్చిపడింది.

2021 మే నెలలో బావగారు పోయారు. ఆ వారంలోనే, మే 4 నుంచి, భారతదేశంలో గడచిన పద్నాలుగు రోజుల్లో ఉన్నవాళ్ళను అమెరికా రానివ్వకుండా అధ్యక్షుడి ఆజ్ఞ అమలులోకి వచ్చింది. పౌరులకూ శాశ్వత నివాసులకూ అది వర్తించదు. ఇక్కడి పౌరులైన చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకూ మినహాయింపు ఇచ్చారు. వీడికి అప్పటికి పిల్లలు లేరు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. అక్కయ్యే ఫోనులో చెప్పింది, "రావద్దు నాన్నా, వస్తే మళ్ళీ వెళ్ళలేవు" అని. అప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషి కొడుకుతో అనవలసిన మాటేనా అది?

నేను వెళ్ళాను. నా దగ్గర కార్డుంది కనుక వెళ్ళి రాగలిగాను. వాడు వీధిగుమ్మం దగ్గర నిలబడవలసిన చోట నేను నిలబడ్డాను. తమ్ముడి చేత కర్మకాండ చేయించారు. పెద్దకొడుకు ఇర్వింగ్‌లో ఫోను తెరమీద చూశాడు. ఆ ఆజ్ఞను 2021 నవంబరు 8న ఎత్తేశారు. అప్పటికి మాసికాలు సగం గడిచిపోయాయి.

ఇప్పుడు మన భాషలోని ఒక చిన్న మర్యాద గురించి చెప్పాలి. గుమ్మం దాటుతూ ఎవరూ "వెళ్తాను" అనరు. అంటే పెద్దవాళ్ళు కసురుకుంటారు. "వెళ్ళొస్తాను" అనాలి. వీధి చివర కొట్టుకి వెళ్ళినా అదే మాట, సముద్రాలు దాటినా అదే మాట. తిరిగి రావడాన్ని వెళ్ళడంలోనే కలిపి మాట ఇస్తాం. నాలాంటివాళ్ళకు గుమ్మాలు రెండు. పాలకొల్లు ఇంటిముందు నిలబడి అమ్మతో అంటాం, ఇక్కడ తాళం వేస్తూ పక్కింటివాళ్ళకీ ఏదో ఒక భాషలో ఆ మాటే చెబుతాం. వీసామీద ఉన్న ఇన్నేళ్ళూ ఈ రెండో గుమ్మంలో అన్న మాటకి పూచీ మనది కాదు, కాన్సులేటు కిటికీ వెనకున్న మనిషిది. దాన్ని బట్టే మొదటి గుమ్మానికి ఎన్నేళ్ళకొకసారి చేరతామన్నదీ తేలేది. కార్డు చేసిన పని, నా మటుకు, ఆ మాటను రెండుచోట్లా మన నోటికి తిరిగి అప్పగించడం.

అంతా ఆలోచించి వాడికి రాసిచ్చింది ఇది:

"పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్న చోట ఇవాళ ఉండమన్నారు. ఇకమీద పాలకొల్లు గుమ్మంలోనూ ఇర్వింగ్ గుమ్మంలోనూ ఒకే మాట: వెళ్ళొస్తాను."

గర్వం "పద్దెనిమిదేళ్ళు" దగ్గర ఆగింది, దాన్ని లాగి పొడిగించలేదు. "ఉండమన్నారు" అన్నచోట ఈ దేశం ఉంది. బెంగ ఎక్కడుందో విడిగా చెప్పక్కర్లేదు. నాన్న మాట ఎత్తలేదేమని వాడు అడిగాడు. "తెలిసినవాళ్ళు ఆ చివరి పదం దగ్గరే ఆగుతారురా" అన్నాను. కార్డు ఫొటో మాత్రం పెట్టవద్దన్నాను. దానిమీది అంకెలు, వెనకవైపు యంత్రాలు చదివే వరుసలు ఊరందరికీ పంచిపెట్టేవి కావు. వాడు తన ఇంటి తలుపు ఫొటో పెట్టాడు, బయట విడిచిన చెప్పులతో సహా. అక్కయ్య చదివి ఒక్కటే ప్రశ్న వేసింది, "ఎప్పుడొస్తున్నావు?" అని.

శాశ్వతం అన్న మాటను వాక్యంలోకి రానివ్వకపోవడానికి కారణం ఉంది. కార్డును పదేళ్ళకొకసారి మార్చుకోవాలి. ముందుగా తిరుగు ప్రవేశ అనుమతి తీసుకోకుండా ఏడాది దాటి బయట ఉండిపోతే నివాసం వదులుకున్నావని అనవచ్చు. ఆ అనుమతి ఉన్నా మామూలుగా రెండేళ్ళే. అంతకన్నా తక్కువ కాలం వెళ్ళినా, నీ ఇల్లు ఎక్కడని విమానాశ్రయంలో అడిగే హక్కు వాళ్ళకుంది. అంటే అమ్మ దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళవచ్చు, ఎన్నాళ్ళయినా ఉండిపోవడానికి మాత్రం వీల్లేదు. "వెళ్ళొస్తాను"లో "వస్తాను" అన్నది ఇప్పుడు మర్యాద ఒక్కటే కాదు, షరతు కూడా.

ఇక సాధారణంగా అయిదేళ్ళు గడిచాక పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది తీసుకున్ననాడు 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. ఇల్లు ఇక్కడిదీ పాస్‌పోర్టు అక్కడిదీ అయిన ఈ మధ్యకాలానికే ఈ రెండు వాక్యాలు సరిపోతాయి. ఆ రోజుకి వేరే వాక్యం కావాలి. అది వాడే రాసుకోవాలి. నా వాక్యమే నేనింకా రాసుకోలేదు.